ఒక నెల బిడ్డలు

మా అన్న శవపేటిక ఇంకా వాకిట్లో బల్ల మీద ఉండగానే మిలేవ అత్త నన్ను దాని పక్కన నిలబెట్టి, నా ఎడమకాలి మేజోడు కిందికి లాగి, గుర్రాల ముందుకాళ్లకు వేసే ఇనుప సంకెలను తీసుకుంది. దానికి రెండు కడియాలు, మధ్యలో మూరెడు గొలుసు. ఒక కడియానికి తాళం ఉంది, రెండోదానికి చీల మాత్రమే. చీల ఉన్న కడియాన్ని అన్న కొత్త బూటు మీద తొడిగింది. తాళం ఉన్నదాన్ని నా చీలమండకు వేసి నొక్కింది. జూన్ నెల ఎండలో కూడా ఆ ఇనుము చల్లగా ఉంది.

అన్న నవంబరు మూడో తేదీన పుట్టాడు. రెండేళ్ల తర్వాత అదే నెల ఇరవై ఒకటిన నేను పుట్టాను. మా కొండల్లో ఇలాంటి తోబుట్టువులను ఒక నెల బిడ్డలంటారు. ఒకరు పోతే రెండోవాళ్లను విడిపించాలి. విడిపించకపోతే పోయినవాళ్లు తమతో లాక్కుపోతారని నమ్మకం. విడిపించేవాడు మన రక్తం కాకూడదు. బతికున్నవాళ్లు అతన్ని మూడుసార్లు పిలవాలి, అతను వచ్చి తాళం తీయాలి. తాళం తీసిన క్షణం నుంచి అతను తోబుట్టువు. పోయినవాడి చోట్లో వాడు.

గేటు దగ్గర ఒబ్రెన్ తాళంచెవి పట్టుకుని నిలబడి ఉన్నాడు. సంకెల వాళ్లింటిదే, వాళ్ల ఆడగుర్రానిది. మా అన్న వూకోమాన్‌కు బడిలో చేరిన రోజు నుంచీ స్నేహితుడు, వాణ్ణి మాలాగే వూకో అనేవాడు. నన్ను మాత్రం ఏ రోజూ పేరు పెట్టి పిలవలేదు, ‘ఏయ్ మేకా’ అనేవాడు. ఆ రోజు తెల్ల చొక్కా వేసుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని, నా వంక చూడకుండా నా పిలుపు కోసం చూస్తున్నాడు.

“పిలవవే రోసాండా,” అంది అత్త. “దేవుడి సాక్షిగా అన్నా, నన్ను విడిపించు. అంతే. మూడుసార్లు.”

పాదిరి పుస్తకం మూసి ఆగాడు. ఊరంతా ఆగింది. నాకు నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. అన్న బల్ల మీద ఉండగా ఇంకొకణ్ణి అన్నా అని ఎలా పిలవను?

అది ఒక కారణం. రెండోది ఆ వాకిట్లో నాకొక్కదానికే తెలుసు. ముందురోజు పొద్దున అన్న సిగరెట్ల పెట్టెను నేనే దాచాను. అమ్మ ఉతకడానికి వాడి ప్యాంటు పట్టుకుపోతోంది, జేబులో పెట్టె ఉందని నాకు తెలుసు. ముందుగా వెళ్లి లాగేసి, ఎవరూ తెరవరని అమ్మ కుట్టుమిషను సొరుగులో పెట్టాను. వాడు వచ్చి, “చెల్లీ, నా పెట్టె చూశావా?” అని అడిగాడు. అంతకు ముందురోజు నన్ను నా స్నేహితుల ముందు ఏడిపించినందుకు కాస్త బతిమాలించుకుందామని, “నాకేం తెలుసు?” అన్నాను. “నువ్వే తీసుంటావు, దొంగా,” అన్నాడు నవ్వుతూ. “దొరికితే పంచుకుందాం. నేను దుకాణానికి పోయొస్తా.” ట్రాక్టరేసుకుని కొండ దిగాడు. వాల్‌నట్ చెట్టు మలుపు దగ్గర వెనక చక్రం కాలువలోకి జారి బండి పక్కకు ఒరిగింది. మీదపడింది. నేను తర్వాత విన్న కబురల్లా అంతే.

అమ్మ ఒక్కసారిగా కూలిపోయింది. అందరూ అటు పరుగెత్తారు. నీళ్లన్నారు, సారా రాయమన్నారు. ఎవరో పేటిక ఎత్తమన్నారు. అత్త అన్న కాలి కడియం చీల లాగేసి అమ్మ దగ్గరికి వెళ్లింది. గుర్రం కాలికి చేసిన కడియం నా కాలికి కాస్త వదులే. బూటు విప్పి, మడమను తిప్పి, చర్మం గీరుకుపోయేలా లాగితే ఊడి వచ్చింది. బూటు వేసుకుని, సంకెలను కొట్టంలో మేకుకు తగిలించి, పేటిక వెనక నడిచాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. ఒబ్రెన్ తాళంచెవి జేబులో వేసుకోవడం చూశాను. వాడూ నన్ను చూశాడు.

ఊరి వాళ్లందరూ ఆ గందరగోళంలో నేను పిలిచాననీ, వాడు తాళం తీశాడనీ అనుకున్నారు.

*

మాకు రాస్ప్‌బెర్రీ తోట ఉంది. చావు ఇంటికి వచ్చిన వారానికే పళ్లు ఎరుపెక్కాయి. ఆ పళ్లకు ఇంట్లో ఏం జరిగిందో పట్టదు. రోజూ కోయాలి. పొద్దున కోసినవి సాయంత్రం లోపు కింద కోల్డ్ స్టోరేజీకి చేరాలి, లేకపోతే ట్రేల్లోనే రసం కారి బూజు పడతాయి. అమ్మ మంచం దిగలేదు. నాన్న గడ్డం తీయకుండా, మాట్లాడకుండా తోటలోకి వస్తూ పోతూ ఉండేవాడు. వరసలు పంచడం, కోతకొచ్చిన ఆడవాళ్లకు అన్నాలు వండడం, ట్రేలు పేర్చడం నా మీద పడింది. అన్న పని కూడా.

మా గేటుకు నల్లగుడ్డ కట్టారు. దాని కింద అచ్చువేసిన చావు కాగితం అంటించారు. అలాంటిదే దుకాణం గోడ మీద, బస్‌స్టాపు దగ్గర, కోల్డ్ స్టోరేజీ తలుపు మీద కూడా ఉంది. వూకోమాన్ ఫోటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ. కింద ‘దుఃఖిస్తున్నవారు: తండ్రి రాదిసావ్, తల్లి స్తానోయ్కా, ఇతర బంధువులు’. తొందరలో మా బాబాయి టౌనుకు పోయి రాయించాడు. నేను ఇతర బంధువుల్లో ఉన్నానన్నమాట. ట్రేలు దించిన ప్రతిసారీ ఆ తలుపు ముందు నిలబడి ఆ పంక్తి చదివేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెబితే, ఇల్లు మునిగిపోతుంటే దీనికి పేరు కావాల్సొచ్చింది అనుకుంటారేమోనని.

తోవలో ఎవరు ఎదురైనా ఒకటే ప్రశ్న.

“అమ్మ ఎలా ఉందే?”

“అలాగే ఉంది పిన్నీ.”

“జాగ్రత్తగా చూసుకో తల్లీ. ఇక నువ్వే ఆమెకు కొడుకువీ కూతురువీ. ఆమె ముందు మాత్రం ఏడవకు.”

ఏడవలేదు. అంత కష్టమేం కాలేదు, అసలు రాలేదు. గొంతు దగ్గర ఏదో అడ్డంపడి, అన్నం మింగుడుపడేది కాదు. వాడి నీలం స్వెట్టరు నా దిండు కింద పెట్టుకుని, అందులో వాడి వాసన రోజురోజుకూ తగ్గడం గమనిస్తూ ఉండేదాన్ని. మధ్యాహ్నాలు ట్రేల వెనక నిలబడి, ఏదో తమాషా గుర్తొచ్చి, ఇది వూకోకి చెప్పాలి అనుకుని గేటు వైపు తిరిగేదాన్ని. అలా తిరగడమే మళ్లీ మళ్లీ తగిలేది.

కోతకొచ్చిన వాళ్లలో సావ్కా పిన్ని ఉండేది. ఏ బాధలోనూ నోరు ఊరుకోని మనిషి.

“ఒబ్రెన్‌ని చూడండే,” అనేది ఆడవాళ్లతో, వాడు వినేలాగే. “మూడేళ్లుగా ఈ గేటు ముందు సైకిలు బెల్లు కొట్టుకుంటూ తిరిగాడు. తీరా ఇప్పుడు దేవుడి సాక్షిగా అన్నయ్యాడు. పెళ్లికొడుకు కావాల్సినవాడు పెళ్లిపెద్దయ్యాడు, పాపం.”

“నా సైకిలుకు బ్రేకుల్లేవు పిన్నీ,” అన్నాడు ఒబ్రెన్ ట్రే ఎత్తుతూ. “బెల్లు కొట్టకపోతే నీ కోళ్లు చచ్చేవి.”

“కోళ్లా? ఏ కోడి కోసమో ఊరందరికీ తెలుసులే.”

ఆడవాళ్లు నవ్వి, మా ఇంటివైపు చూసి నోరు మూసుకున్నారు. వాడు నవ్వలేదు. వాడు తిరిగింది నా కోసమన్న మాట నాకు అప్పుడే తెలిసింది. వాడి చొక్కా జేబులో తాళంచెవి ఉందని కూడా అప్పుడే చూశాను. వంగినప్పుడల్లా గుడ్డ కిందికి లాగుతోంది.

మనిషి పోయాక వచ్చే మొదటి శనివారం అందరూ సమాధికి వెళ్లాలి. మా దగ్గర పొగతాగే వాళ్ల సమాధి మీద సిగరెట్టు వెలిగించి మట్టిలో గుచ్చుతారు. మా తాతకు ఇప్పటికీ ఎవరో ఒకరు వెలిగిస్తారు. అన్నకు ఎవరూ వెలిగించరు, వాడు తాగుతాడని ఇంట్లో నాకు తప్ప తెలియదు కాబట్టి. అందరికంటే ముందు వెళ్లి ఒకటి గుచ్చి, ఆ పెట్టెను పేటిక మీద మట్టిలో పాతేద్దామనుకున్నాను. అమ్మ మగతగా పడుకుని ఉంది. ఆమె మంచం పక్కనే ఉన్న కుట్టుమిషను సొరుగు లాగాను.

దారపు ఉండలున్నాయి. బొత్తాల డబ్బా ఉంది. కొలత టేపు ఉంది. పెట్టె లేదు.

సొరుగు మొత్తం బయటికి లాగి చూశాను. వెనక పలక మీద చెయ్యి పెట్టి చూశాను. లేదు. ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురం. నేను తీయలేదు.

“ఏం వెతుకుతున్నావే?” అంది అమ్మ కళ్లు మూసుకునే.

“సూది అమ్మా.”

“సూదులు డబ్బాలో ఉంటాయి.”

ఇక అంతే.

*

ఆ తర్వాతి రోజులన్నీ ఆ సొరుగు చుట్టూనే తిరిగాయి. తీసింది అమ్మా? నాన్నా? తీసినవాళ్లకు ఎంత అర్థమైంది? వాడు దుకాణానికి ఎందుకు వెళ్లాడో ఊళ్లో అందరికీ తెలుసు, దుకాణదారే చెప్పాడు, ‘కుర్రాడు సిగరెట్లకని బయల్దేరి ఉంటాడు’ అని. అది విని అమ్మ మంచం మీద నుంచే అరిచి అతన్ని వాకిట్లోంచి వెళ్లగొట్టింది. ఇంట్లో పెట్టె ఉండగా మళ్లీ కొనడానికి ఎందుకెళ్లాడు? దాచిందెవరు? ఇన్ని కలుపుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు.

నాన్న నా వంక చూసేవాడు కాదు. నేను గదిలోకి వస్తే బయటికి వెళ్లేవాడు. అమ్మ అయితే చూసేది. మంచం మీద నుంచి, నేను గిన్నెలు కడుగుతుంటే, చాలాసేపు చూసేది. నేను తల తిప్పితే గోడ వైపు తిరిగేది.

జూలై మొదటి ఆదివారం పక్క ఊరి నుంచి అమ్మ తరఫు వాళ్లు పరామర్శకు వచ్చారు. నేను కాఫీ పోస్తున్నాను. అమ్మ మంచం మీదే కూర్చుని వూకో గురించి చెబుతోంది. ఆమె చెబుతున్న వూకో నాకు తెలిసినవాడు కాదు. ఆ వూకో ఎవరినీ మాట అనలేదట. పిలవకుండానే పనికి లేచేవాడట. మా వూకో ఎనిమిదింటికి గానీ లేవడు, పేకాటలో దొంగాట ఆడతాడు, అప్పు తీసుకున్న నా పెన్నులన్నీ పోగొట్టాడు, నాకు గోడ దూకడం నేర్పాడు. నాకు వాడు కావాలి. ఆ సాధుపుంగవుడు కాదు.

“నా బిడ్డ పొగ అంటే ఏంటో ఎరగడు,” అంది అమ్మ. “దుకాణదారు అబద్ధం చెబుతున్నాడు.” గిన్నె అంచు మీదుగా నా వైపు చూసింది. “ఏమే రోసా, నువ్వెప్పుడైనా చూశావా?”

 చుట్టాలందరూ నా వైపు తిరిగారు.

“లేదమ్మా,” అన్నాను.

“విన్నారా,” అంది అమ్మ వాళ్లతో. కానీ కళ్లు నా మీదే ఉన్నాయి. కాఫీ ముట్టుకోలేదు.

*

నాన్న ఆ ట్రాక్టరును ఎవరికీ చెప్పకుండా బాగుచేశాడు. వంగిన స్టీరింగు కడ్డీ తీయించి కొత్తది వేయించాడు. ఓ మధ్యాహ్నం బండికి ట్రైలరు తగిలించి ట్రేలన్నీ ఎక్కించి, నా దగ్గరికి వచ్చి, నేల చూస్తూ అన్నాడు:

“అద్దె బండి వాడు ఇక రాడట. నేను ఎక్కలేను. ఎక్కితే కాళ్లు ఆడటం లేదు. అన్న నీకు నడపడం నేర్పాడు కదా.”

నేర్పిన మాట నాన్నకు తెలుసని నాకు తెలియదు. ఎక్కాను. ముందురోజు వాన కురిసింది, దారి జిగురుగా ఉంది. ఒబ్రెన్ ట్రైలరు పక్కన నడుస్తున్నాడు. వాల్‌నట్ మలుపు కనబడగానే నా చేతులు స్టీరింగుకు అతుక్కుపోయాయి. కాలువ అంచున గడ్డి ఇంకా నలిగి ఉంది. అక్కడెవరో పూలు పెట్టి రాయి అడ్డం పెట్టారు. సరిగ్గా ఆ రాయి దగ్గర వెనక నుంచి బరువు తోసింది. వెనక చక్రం జారడం కూర్చున్నచోటే తెలిసింది. నా కాలు దానంతట అదే క్లచ్ మీదికి పోయింది.

“క్లచ్ తొక్కకు,” అన్నాడు ఒబ్రెన్. అరవలేదు. “గేర్లోనే ఉండనీ. ఇంజినే పట్టుకుంటుంది దాన్ని. స్టీరింగు గట్టు వైపు. కొంచెం. ఇంకొంచెం.”

కాలు తీశాను. ఇంజిను గట్టిగా మూలిగి బండిని పట్టింది. జానెడు దూరంలో కాలువ. బండి గట్టుకు ముక్కు ఆనించి ఆగింది. దిగి, గడ్డిలో కూర్చున్నాను. 

ఒబ్రెన్ చక్రం వెనక రాయి పెట్టి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“వాడు లాగుతున్నాడనుకుంటున్నావు కదా,” అన్నాడు.

“నువ్వు నమ్ముతావా అవన్నీ?”

“నేను నమ్మను. మీ అత్త నమ్ముతుంది. నువ్వు క్లచ్ తొక్కితే జారుతుందని మాత్రం నమ్ముతాను.” జేబులోంచి తాళంచెవి తీసి చూపించాడు. “ఊరంతా నన్ను నీ అన్న అంటోంది. మా అమ్మ నీకు రొట్టె పంపిస్తోంది. నేను తీయని తాళానికి ఎన్నాళ్లు మర్యాదలు తీసుకోను? ఎవరికైనా చెప్పు, లేకపోతే పిలువు.”

“నాకు అన్న ఉన్నాడు.”

“నాకు స్నేహితుడున్నాడు,” అన్నాడు. “నన్నెవరు అడిగారు, ఎలా ఉన్నావురా అని?”

నేను తలెత్తి చూశాను. వాడి పెదవులు పొట్టు లేచి ఉన్నాయి, కళ్ల కింద నల్లబడింది. ఈ మూడు వారాలూ రోజూ నా ఎదుటే ట్రేలు మోసినవాణ్ణి నేనూ అడగలేదు. అడగాలనే తోచలేదు.

“నేను పిలవలేను ఒబ్రెన్,” అన్నాను. “వాడి సిగరెట్లు దాచింది నేను.”

వాడు తాళంచెవిని మళ్లీ జేబులో వేసుకున్నాడు. “మీ అమ్మకు తెలుసా?”

“తెలుసో లేదో తెలియదు. అదే చచ్చే చావుగా ఉంది.”

“అయితే ముందు అది,” అని లేచాడు. “లే మేకా. పళ్లు కారిపోతున్నాయి.”

మర్నాడు పొద్దున గేటు తీస్తుంటే చావు కాగితం మీద ఏదో కనబడింది. అచ్చు అక్షరాల మధ్య, తండ్రి పేరుకు ముందున్న ఖాళీలో, బస్తాల మీద గుర్తులు పెట్టే ఊదారంగు పెన్సిలుతో పెద్ద పెద్ద అక్షరాల్లో రాసి ఉంది: ‘చెల్లెలు రోసాండ’. మా నాన్న నాలుగో తరగతితో బడి మానేశాడు. ఆయన రాసే ‘ర’ ఎప్పుడూ కింద పడబోతున్నట్టు పక్కకు వాలి ఉంటుంది. ఆయన అప్పటికే తోటలోకి వెళ్లిపోయాడు. ఆ రోజూ నా వంక చూడలేదు. నేనూ ఏమీ అడగలేదు.

*

పోయినవాళ్లకు సమాధి దగ్గర ప్రార్థన చేసే నలభయ్యో రోజుకు ఇంకా మూడు రోజులున్నాయనగా ఒబ్రెన్ వాళ్ల నాన్న గుర్రాన్ని మేతకు వదలాలని సంకెల అడిగి పంపాడు. మిలేవ అత్త కొట్టంలోకి వెళ్లింది. సంకెల చేత్తో పట్టుకుని తిన్నగా నేను ట్రేలు కడుగుతున్న చోటికి వచ్చింది.

“దీని తాళం వేసే ఉందేం?”

నేను ట్రేను మళ్లీ నీళ్ల తొట్టిలో ముంచాను.

“ఒబ్రెన్ తీసి మళ్లీ వేశాడా?”

“లేదత్తా.”

“మరి ఎవరు తీశారు?”

“ఎవరూ తీయలేదు. కాలు లాగేసుకున్నాను.”

అత్త ముఖం పాలిపోయింది. ముక్కోటి సాధువులను పిలవబోయి ఆగింది. నా వెనక వైపు చూస్తోంది. తిరిగి చూస్తే గడప మీద అమ్మ నిలబడి ఉంది. ముప్పై ఏడు రోజుల తర్వాత, చెప్పులు వేసుకుని.

“ఇలా తే,” అంది అత్తతో. సంకెల తీసుకుంది. అక్కడే మెట్టు మీద కూర్చుని ఒళ్లో పెట్టుకుంది. నా ఎడమ చీలమండ వైపు చూసింది. గీరుకుపోయిన చోట నల్లటి మచ్చ కట్టి ఉంది. ఆమె కళ్లకు అది అప్పటిదాకా కనబడలేదు. ఎవరి కళ్లకూ కనబడలేదు. నేనూ చూపించలేదు.

“గుర్రానికి తాడు కట్టుకోమని చెప్పు,” అంది అత్తతో. “శనివారం దాకా ఇది నా దగ్గరుంటుంది.”

శనివారం అంటే నలభయ్యో రోజు.

*

సమాధి దగ్గర పాదిరి చదవడం అయింది. తేనె కలిపిన గోధుమలు అందరూ చెంచాతో నోట్లో వేసుకున్నారు. ఎర్ర ద్రాక్షసారా శిలువ కింద పోశారు. రాయి ఇంకా పెట్టలేదు, చెక్క శిలువ మీద వాడి పేరు. జనం బుట్టలు సర్దుకుంటుంటే అమ్మ చెయ్యెత్తింది.

“కాసేపు ఆగండి. ఒక పని మిగిలిపోయింది.”

సంచిలోంచి సంకెల తీసింది. చీల ఉన్న కడియాన్ని శిలువ కాండానికి వేసింది. “ఒబ్రెన్, తాళం తియ్యి నాయనా, వెయ్యాలి కదా,” అంది. వాడు వచ్చి తీశాడు. అమ్మ నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, నా మేజోడు దించి, మచ్చ మీద పడకుండా చూసుకుని, కడియం వేసి తాళం నొక్కింది. ఒబ్రెన్ జనంలోకి వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

“పిలువు,” అంది అమ్మ.

“అమ్మా, ముందు నీకొకటి చెప్పాలి.”

“తెలుసు.” ఇంకా కిందే కూర్చుని ఉంది. నల్ల ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టి ఆ పెట్టెను బయటికి తీసింది. నలిగిపోయి ఉంది. “నీ చేతికి కట్టాలని నల్లదారం వెతుకుతుంటే దొరికింది. పూడ్చిన మర్నాడే.”

 “నేను దాచాను.”

“ఎవరి దగ్గర్నుంచి దాచావు?”

“నువ్వు చూస్తావని.”

“అవును. నేను తిడతాననే కదా.” పెట్టెను అటూ ఇటూ తిప్పింది. ఆమె చెప్పేది నాకు మాత్రమే వినబడేంత మెల్లగా ఉంది. “దీన్ని రోజూ చూశాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. నీ మీద తెచ్చుకున్నాను కొన్నాళ్లు, అబద్ధం చెప్పను. ఆ చుట్టాల ముందు నిన్ను అడిగింది అందుకే. నువ్వు వాణ్ణి వెనకేసుకొచ్చావు. వాడున్నప్పుడు ఎలా చేసేదానివో అలాగే.” పెట్టె మూత తెరిచింది. “నా కూతురు ఇంట్లోనే ఉందని నాకు అప్పటికిగానీ గుర్తుకు రాలేదు.”

ఒక సిగరెట్టు తీసి నోట్లో పెట్టుకుంది. అగ్గిపుల్ల మూడోదానికి గానీ అంటుకోలేదు. పీల్చి, దగ్గి, కళ్ల నీళ్లు తుడుచుకుని, దాన్ని మట్టిలో గుచ్చింది. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“ఎప్పట్నుంచి తాగుతున్నాడు?” అడిగాడు నాన్న. నలభై రోజుల గడ్డంతో ఆయన గొంతు కూడా ముసలిదైపోయింది.

“పదహారో ఏట నుంచి నాన్నా.”

“అందుకా నా పెట్టెలో ఎప్పుడూ రెండు తక్కువుండేవి,” అన్నాడు. ఏదో పెద్ద లెక్క తేలినట్టు తల ఊపి, వచ్చి ఇంకొకటి తీసి, మొదటిదాని నిప్పుతో అంటించి పక్కనే గుచ్చాడు. గాలి లేదు. రెండు పొగలూ తిన్నగా పైకి లేచాయి.

“ఇక పిలువు,” అంది అమ్మ. “నువ్వు పిలిచినంత మాత్రాన వాడెక్కడికీ పోడు.”

మొదటిసారి నా గొంతు నాకే వినబడలేదు. రెండోసారి అన్నా అనేదాకా వచ్చి ఆగిపోయాను. ఒబ్రెన్ నా ముఖంలోకి చూస్తున్నాడు. ఈ పిలుపుతో వాడి సైకిలు బెల్లు కూడా ఇక్కడే ఆగిపోతుందని వాడికి తెలుసు, నాకూ తెలుసు. వాడు కొంచెం తల ఊపాడు.

“దేవుడి సాక్షిగా అన్నా, నన్ను విడిపించు,” అన్నాను మూడోసారి. గట్టిగానే వచ్చింది.

వాడు వచ్చి వంగాడు. తాళం కిర్రుమంది. కడియం తెరుచుకుంది.

“విడిపించాను చెల్లీ,” అన్నాడు. మేకా అనలేదు.

తర్వాత నా పెళ్లిలో నా చెయ్యి పట్టుకుని నాట్యం నడిపించింది వాడే. నేను డిగ్రీ పట్టా తీసుకున్న రోజు, నాన్నకు అంత దూరం ప్రయాణం పడదని, బస్సులో ఆరు గంటలు కూర్చుని వచ్చిందీ వాడే. అవన్నీ ఆ ఎండాకాలం తర్వాతి సంగతులు.

ఆ రోజు అందరం కొండ దిగుతున్నాం. అమ్మ నా పక్కన నడుస్తోంది. సావ్కా పిన్ని వెనక నుంచి అందుకుని, అలవాటుగా నా భుజం మీద చెయ్యి వేసింది.

“అమ్మ ఎలా ఉందే రోసాండా?”

“నేను ఇక్కడే ఉన్నాను కదా సావ్కా,” అంది అమ్మ. “దాన్ని అడుగు, అదెలా ఉందో.”

సావ్కా పిన్నికి నోట మాట రాకపోవడం నేను చూడటం అదొక్కసారే. నా వైపు తిరిగింది.

“ఎలా ఉన్నావే తల్లీ?”

నలభై రోజుల్లో నేను తయారుచేసి పెట్టుకున్న జవాబులన్నీ అమ్మ గురించే. ఇది అడిగితే ఏం చెప్పాలో నేను అనుకుని ఉంచుకోలేదు.

“కాలు నొప్పిగా ఉంది పిన్నీ,” అన్నాను.

ఆ మాట పూర్తయ్యేసరికి గొంతులోని అడ్డు జారిపోయింది. దారి మధ్యలో, అందరూ చూస్తుండగా, వాల్‌నట్ మలుపు ఇంకా రాకముందే కూలబడి ఏడ్చాను. అమ్మ ఊరుకోమనలేదు. నా పక్కనే దుమ్ములో కూర్చుని నా ఎడమ కాలు ఒళ్లోకి తీసుకుంది.